అయిదు సంచుల కొసరు

పేట నుంచి కార్డు వచ్చిందంటే పుష్పవతికి కాళ్ళూ చేతులూ ఆడవు. పేట అంటే జగ్గయ్యపేట. అక్కడి పప్పుల మిల్లు యజమాని వీరరాఘవయ్య ఏటా మార్గశిరంలో ఒక కార్డు ముక్క రాయించేవాడు. ఫలానా రోజున వచ్చి వచ్చే సీజనుకు గోతాల ఒప్పందం తిరగరాసుకు వెళ్ళమ్మా అని. ఆ కార్డు అందుకున్న దగ్గర్నుంచి, ఈసారి ఆయనకు ఏం తగ్గించి ఇవ్వాలా అన్న ఆలోచన తప్ప మరొకటి తోచేది కాదు ఆవిడకు. అడగకముందే ఇచ్చే మనిషికి అడిగేవాళ్ళు దొరకడం ఎంతసేపు?

కారణం లేకపోలేదు. పుష్పవతి భర్త కృష్ణయ్య నందిగామ సెంటర్లో కిరాణాకొట్టు నడిపి, ఊరందరికీ అరువులిచ్చి, చివరికి పంతొమ్మిది వందల డెబ్భైలో ఐపీ పెట్టాడు. ఐపీ పెట్టినవాడి ఇంటికి అగ్గిపెట్టె కూడా అప్పు పుట్టదు. ఆయన వీధి గుమ్మం దాటడం మానేశాడు. అప్పుడు పుష్పవతి కొట్టులో మిగిలిన పాత గోనెసంచులు ముందేసుకుని, దబ్బనం, పురికొస పుచ్చుకుని కుట్టడం మొదలుపెట్టింది. కుట్టిన సంచుల్ని బస్సు టాపు మీద వేయించుకుని పేట వెళ్ళి, మొహం తెలియని మిల్లులోకి నడిచి నమస్కారం పెట్టింది. వీరరాఘవయ్య ఒక సంచీ తిరగేసి కుట్టు చూశాడు, గట్టిగా లాగి చూశాడు, అయిదు వందల సంచులకు ఆర్డరిచ్చి సగం డబ్బు ముందే చేతిలో పెట్టాడు. ఆ రోజు బస్సులో కూర్చుని నందిగామ దాకా ఏడ్చింది. ఇది జరిగి పదకొండేళ్ళయింది. ఇప్పుడు షెడ్డుంది, పన్నెండు మంది ఆడవాళ్ళు కూర్చుని కుడతారు, కృష్ణయ్య కూడా తల ఎత్తుకుని సంచుల మీద మిల్లు మార్కు అచ్చు వేస్తాడు. ఇదంతా ఆ మహానుభావుడి చలవేనని ఆవిడ నమ్మకం.

ఆ నమ్మకం మంచిదే, కాకపోతే ఖరీదైనది. డెబ్భై నాలుగులో వానలకు కొన్ని గోతాలు బూజు పట్టాయి. ఆయన మాట అనకముందే నూటికి అయిదు సంచులు కొసరు వేసి పంపింది. ఆయన అడగలేదు, ఆవిడే వేసింది. మరుసటి ఏడు మిల్లు గుమాస్తా లెక్కపెట్టుకునేటప్పుడు, అయిదు తక్కువొచ్చాయేమండీ అన్నాడు. అంతే, అది మామూలైపోయింది. ఇంకో ఏడు మార్కు అచ్చు ఊరికే వేసిస్తానంది. మరో ఏడు లారీ కిరాయి తనే పెట్టుకుంటానంది. ఇచ్చిన ప్రతిసారీ కొన్నాళ్ళు మనసు తేలిగ్గా ఉండేది. ఏడాది తిరిగేసరికి ఇచ్చిన సంగతి ఇచ్చినావిడకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

ఈసారి, అంటే ఎనభై రెండు మార్గశిరంలో వచ్చిన కార్డు పెద్దాయన రాయించింది కాదు. కొడుకు భవానీప్రసాద్ స్వయంగా రాశాడు. నాన్నగారికి ఒంట్లో బాగుండటం లేదనీ, మిల్లు వ్యవహారాలు తనే చూస్తున్నాననీ, గుంటూరు పార్టీ ఒకరు సంచికి పావలా తక్కువకు ఇస్తామంటున్నారనీ, మీరూ ఆ రేటుకు రావలసి ఉంటుందనీ, గురువారం రమ్మనీ.

పుష్పవతి కార్డు పట్టుకుని షెడ్డులో గోతాల మీద కూలబడింది. కూలి, పురికొస, కిరాయి, కొసరు అన్నీ పోను సంచికి నలభై పైసలు కూడా మిగలడం లేదు. అందులో పావలా పోతే వేసవి దాటాక షెడ్డుకు తాళం వెయ్యడమే. అసలే వానాకాలం ఒక గండం. మిల్లుకు గోతాలు కావలసింది కందులూ మినుములూ వచ్చే మాఘం నుంచి జ్యేష్ఠం దాకా. ఆషాఢం దాటితే పని ఉండదు. పాత గోతాలు ఆ రోజుల్లోనే చవగ్గా దొరుకుతాయి గానీ, కొని పెట్టుకుందామంటే షెడ్డు నేలంతా చెమ్మ, పది రోజుల్లో బూజు. కిందటేడు నాలుగు నెలలు పని ఆపేస్తే కుట్టేవాళ్ళలో ఆరోగ్యమ్మ చందర్లపాడు వైపు మిరప చేలల్లో కలుపుకు పోయి, నడుం పట్టేసి తిరిగొచ్చింది. ఈసారి పోతే అసలు తిరిగి రావడానికి షెడ్డే ఉండదు.

కార్డులో ఏముందో చెప్పమని అడిగింది రత్తమ్మ. పన్నెండు మందిలోకీ పెద్దది, నోరు కూడా పెద్దదే. షెడ్డులో చేరకముందు ఇరవై ఏళ్ళు నందిగామ బజార్లో కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న మనిషి. పుష్పవతి అంతా చెప్పి, పావలా తగ్గించక తప్పదు, ఆయన రుణం అలాంటిది అని ముగించింది.

రత్తమ్మ దబ్బనం పక్కన పెట్టింది. "నువ్వు కొత్తిమీర ముందే వేసేస్తున్నావు పుష్పమ్మా, అదీ నీ జబ్బు. కట్ట ముందే వేస్తే సంచీ మూతి ముడేసుకుని పోతారు. కొత్తిమీర చేతిలో పట్టుకుని, ఇంకో అరకిలో వంకాయలు తీసుకోండమ్మా, ఇదేస్తా అనాలి."

ఆయన కూరగాయల బేరం కాదు, దేవుడు అంది పుష్పవతి కాస్త కోపంగా.

"దేవుడితో మాత్రం? ఐపీ పెట్టిన ఏడు వేదాద్రి నరసింహస్వామికి ఏమని మొక్కావు? సంసారం ఒడ్డున పడితే తలనీలాలిస్తానన్నావా, ముందే గుండు గీయించుకుని ఇప్పుడిక నీ ఇష్టం స్వామీ అన్నావా?"

షెడ్డంతా నవ్వింది. పుష్పవతికి కూడా నవ్వొచ్చింది గానీ, నవ్వు ఆగాక రత్తమ్మ మాట లోపలే ఉండిపోయింది. స్వామి దగ్గర సిగ్గుపడకుండా అడిగిన మనిషి, మనిషి దగ్గర అడగడానికి ఎందుకు సిగ్గుపడుతోంది? అడిగితే భక్తి తగ్గినట్టు అక్కడ లేదే.

రత్తమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళ డబ్బు అడక్కు, డబ్బంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. వాళ్ళ దగ్గర ఊరికే పడున్నదేదో, నీకు పనికొచ్చేదేదో, అది అడుగు అంది. మిల్లు లారీ వారానికి రెండుసార్లు పప్పు బస్తాలతో బెజవాడ వెళ్ళి ఖాళీగా తిరిగొస్తూ మన షెడ్డు ఎదుటే టీకి ఆగుతుంది, నువ్వు చూళ్ళేదా అంది. రోజూ చూస్తూనే ఉంది పుష్పవతి. చూడటం వేరు, లెక్కలోకి తీసుకోవడం వేరు. ఆ రాత్రి అన్నాలయ్యాక భర్తను కూర్చోబెట్టుకుని మిల్లులో ఖాళీగా పడుండేవి ఇంకా ఏమున్నాయో ఏకరువు పెట్టింది.

గురువారం పొద్దున్నే ఎర్రబస్సు ఎక్కి పేటలో దిగింది. మిల్లు ఆఫీసు గదిలో భవానీప్రసాద్ బల్ల దగ్గర కూర్చున్నాడు. పెద్దాయన వీరరాఘవయ్య కిటికీ పక్కన పడక్కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆయన్ని అలా చూడగానే పుష్పవతికి కళ్ళు చెమర్చాయి. పావలా ఏమిటి, అర్ధరూపాయి అడిగినా ఇచ్చెయ్యాలనిపించింది. ఆయన పలకరింపుగా చెయ్యెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం ముందు మజ్జిగ వచ్చింది.

భవానీప్రసాద్ మర్యాద తెలిసినవాడే. అక్కయ్యగారూ అనే పిలుస్తాడు. ముందుగా చిన్న విషయంతో మొదలుపెట్టాడు. హైదరాబాదు వర్తకులు మార్కు రెండు రంగుల్లో కావాలంటున్నారు, వేయించగలరా అన్నాడు.

"అలాగే బాబూ, దానిదేముంది" అనేసింది పుష్పవతి.

పదకొండేళ్ళ అలవాటు, నోరు ఆగలేదు. భవానీప్రసాద్ ఎదుట ఉన్న కాగితం మీద ఒక టిక్కు కొట్టి, ఇక రేటు సంగతి అన్నాడు. సంతోషమండీ అనలేదు, తలెత్తలేదు. ఆవిడ ఆ టిక్కు వంకే చూస్తూ ఉండిపోయింది. అబ్బాయి తప్పేమీ లేదు. అడగ్గానే వచ్చినదానికి విలువ ఉంటుందని అతనికి ఎవరు చెప్పారు? రెండో రంగుకు రెండో అచ్చు చెక్కించాలి, సంచిని రెండుసార్లు ఆరబెట్టాలి. ఆ కష్టమంతా ఒక టిక్కు కింద పోయింది. రత్తమ్మ చూస్తే ఏమనేదో అనుకుంటే చెవులు వేడెక్కాయి.

గుంటూరు పార్టీ రేటు మీకు రాశాను కదా, పావలా తగ్గించాలి అంటున్నాడు భవానీప్రసాద్.

పుష్పవతి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. గుంటూరువాళ్ళు పావలా తక్కువకు ఇస్తుండవచ్చు, కాదననని చెప్పింది. తర్వాత, బెజవాడ వెళ్ళిన మీ లారీ తిరిగి వచ్చేటప్పుడు ఏం వేసుకొస్తుంది బాబూ అని అడిగింది. ఏమీ వేసుకురాదు, ఖాళీగానే వస్తుంది అన్నాడతను, ఈ ప్రశ్న ఎందుకో తెలియక.

"అయితే, ఆ లారీ నందిగామలో ఆగి మా గోతాలు ఎక్కించుకొచ్చే పనైతే, సంచికి పది పైసలు తగ్గిస్తా."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మిల్లు లోపల జల్లెడ ఆడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇలాంటి నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా పుష్పవతికి భయం వేసేది, తనే ఇంకేదో ఒకటి తగ్గించి దాన్ని పూడ్చేసేది. ఇప్పుడూ నాలుక చివరి దాకా వచ్చింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, అది విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఊరుకుంది.

భవానీప్రసాద్ లారీ ఎలాగూ ఖాళీయే అని లెక్క వేసుకున్నాడు కాబోలు, అది ఇబ్బంది లేదన్నాడు. కానీ పది చాలదు, పావలాకూ పదికీ చాలా దూరం ఉంది అన్నాడు.

ఇంకో అయిదు తగ్గించగలననీ, అయితే వానల్లో ఖాళీగా ఉండే గోడౌను ఆషాఢం నుంచి కార్తీకం దాకా తన గోతాలు పెట్టుకోవడానికి ఇవ్వాలనీ చెప్పింది పుష్పవతి. చవకగా దొరికే రోజుల్లో కొని, కుట్టి, పొడినేల మీద పెట్టుకుంటే ఆ అయిదు పైసలు తనకు నష్టం కాదని దాచకుండా చెప్పింది. తమ షెడ్డులో వానాకాలం పని ఆగదని కూడా చెప్పింది. సీజను మొదటి రోజునే మీ గోతాలు మీ గోడౌనులోనే ఉంటాయి, ఒక్క రోజు మిల్లు ఆగదు అంది.

ఈ చివరి మాట భవానీప్రసాద్‌కు నచ్చింది. అయినా గోడౌనులు రెండూ ఇవ్వడం కుదరదన్నాడు, భాద్రపదంలో పెసలు వస్తాయి. వెనక గోడౌను ఒక్కటీ ఇస్తాను, అందులో చుట్టలు బీడీలు కాల్చేవాళ్ళు అడుగుపెట్టకూడదు అన్నాడు. వెనకది చాలన్నది పుష్పవతి, తాళంచెవి ఎప్పుడూ మిల్లులోనే ఉండే వాచ్‌మన్ స్తెఫను దగ్గర ఉండేట్టయితే. పదిహేను పైసలకు ఖాయమైంది.

అతను రాసుకోబోతుంటే ఆవిడ ఆపింది.

"ఇందాక రెండో రంగు ఊరికే అన్నాను బాబూ, అది తొందరపాటు. దాన్నీ ఇందులోనే కలపండి. రెండు రంగులూ వేయిస్తా, అయితే సీజనుకు మీకు తక్కువలో తక్కువ ఎన్ని వేల సంచులు కావాలో ఇకమీద ఏటా దసరాకే మాటివ్వాలి. అన్నీ కుదిరితేనే అన్నీ ఖాయం, లేకపోతే ఏదీ కాదు."

భవానీప్రసాద్ టిక్కు కొట్టిన చోటు వైపు చూశాడు, పడక్కుర్చీ వైపు చూశాడు. పెద్దాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎనిమిది వేలకు తగ్గవు, ఏటా దసరాకు రాసిస్తాను అన్నాడు కొడుకు. ఆ టిక్కును గీత పెట్టి కొట్టేసి, దాని పక్కనే పూర్తి మాటల్లో రాశాడు. ఈసారి తలెత్తి చూసి రాశాడు.

చివరికి అయిదు సంచుల సంగతి వచ్చింది. నూటికి మామూలు అయిదూ ఎలాగూ ఉంటాయి కదా అన్నాడతను. మామూలు అన్న మాట పుష్పవతి గుండెల్లో కలుక్కుమంది. అది మామూలు కాదనీ, ఎనిమిదేళ్ళ కింద ఒక్క ఏడు వేసిన కొసరనీ నెమ్మదిగా చెప్పింది. తీసెయ్యనని కూడా చెప్పింది. రైతులు సరుకు తెచ్చిన గోతాల్లో చిరిగినవి మీరు ఎవరికో అమ్ముతున్నారు, వాటిని బజారు ధరకే ముందు మాకు ఇస్తే ఆ అయిదూ మీకు పడుతూనే ఉంటాయి అంది. చిరిగిన గోతాలు కొనుక్కుపోయేవాడు వేళకు రాక అవి మిల్లులో కుప్ప పడి ఎలకలు చేరుతున్నాయట. భవానీప్రసాద్ సంతోషంగా ఒప్పుకున్నాడు.

కాగితం రాశారు, రెవెన్యూ స్టాంపు అంటించారు. పుష్పవతి సంతకం చేసింది. గెలిచానన్న ఆనందం లేదు. ఏదో అపచారం చేసినట్టు ఉంది. లేచి పడక్కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"తప్పుగా అనుకోకండి బాబాయిగారూ. ఆనాడు మీరు చేసిన ధర్మం మర్చిపోయి కాదు. పన్నెండు మంది ఉన్నారు, వాళ్ళ కోసం అడిగా."

వీరరాఘవయ్య కళ్ళు తెరిచాడు. ఆయన నిద్రపోలేదని అప్పుడు తెలిసింది. బీరువాలో అడుగు అరలో ఉన్న పాత ఫైలు తెమ్మని కొడుకుకు చెప్పాడు. అందులోంచి మడతల దగ్గర చిరుగుతున్న ఒక కాగితం తీయించి ఆవిడ చేతికిచ్చి చదవమన్నాడు. డెబ్భై ఒకటిలో రాసుకున్న మొదటి ఒప్పందం. అడుగున తన సంతకమే. ఆ రోజు కళ్ళ నిండా నీళ్ళతో పెట్టిన సంతకం, పైన ఏం రాశారో చూస్తే కదా.

సగం సొమ్ము ముందుగా ఇచ్చినందుకు గాను, కుట్టు విడిపోయిన ప్రతి సంచికీ బదులు రెండు సంచులు ఇవ్వవలసినది అని ఉంది.

"ఆ ఏడు నాకు గోతాలిచ్చినవాడు పుచ్చు సరుకు అంటగట్టాడమ్మా" అన్నాడు పెద్దాయన, ఆయాసపడుతూ. "దారిలో కుట్లూడి పప్పు రోడ్డు మీద ఒలికిపోయింది. హైదరాబాదువాళ్ళు సరుకు వెనక్కి కొట్టారు. పేరు పోయినవాళ్ళకు పేరు విలువ తెలుస్తుందని నీకిచ్చా. ముందు డబ్బు నీకు కావాలి, గట్టి కుట్టు నాకు కావాలి. నేను ధర్మం చెయ్యలేదు, బేరం చేశా. నీ సంచి ఒక్కటీ విడిపోలేదు, రెండేసి పుచ్చుకునే అదృష్టం నాకు పట్టలేదు."

కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "తర్వాత పదకొండేళ్ళూ నువ్వు నాతో బేరమే చెయ్యలేదు. ఇచ్చావు, తీసుకున్నా. అది నా తప్పు. ఇవాళ మళ్ళీ ఆ మొదటిరోజు మనిషిని చూశా."

పుష్పవతి ఆ కాగితం మళ్ళీ మొదటి నుంచీ చదివింది. ఐపీ పెట్టిన ఇంటి ఆడమనిషిని చూసి జాలిపడ్డాడని ఇన్నాళ్ళూ అనుకుంది. జాలి కాదు. ఊరంతా చేతులు కడుక్కున్న రోజున, ఈయన తన ఎదుట కూర్చోబెట్టి, నీ దగ్గర నాకు కావలసింది ఉంది అన్నాడు. ఆ సంగతి కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. అప్పటి కృతజ్ఞత ఎంత బరువుగా ఉండేదో, ఇప్పటిది అంత తేలిగ్గా ఉంది. కానీ అంతకంటే పెద్దది. వంగి ఆయన కాళ్ళు తాకింది. ఆయన వద్దనలేదు.

మాఘం నుంచి మిల్లు లారీ తిరుగు దారిలో ప్రతిసారీ నందిగామలో ఆగింది. ఆషాఢంలో వానలు పడ్డాయి. షెడ్డు నేల ఎప్పటిలాగే చెమ్మగిల్లింది గానీ గోతాలు వారానికి రెండుసార్లు పేట గోడౌనుకు ఎక్కిపోతున్నాయి. ఆరోగ్యమ్మ చందర్లపాడు వైపు వెళ్ళలేదు. పన్నెండు దబ్బనాలూ ఆడుతూనే ఉన్నాయి.

ఒకరోజు బజారు నుంచి వస్తూ పుష్పవతి ఒక పెద్ద కొత్తిమీర కట్ట తెచ్చి రత్తమ్మ ఒళ్ళో పెట్టింది. రత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి వాసన చూసి, అనుమానంగా మొహం పెట్టింది.

"దీనికి నేనేం ఇవ్వాలి పుష్పమ్మా?"

"ఏమీ వద్దు" అంది పుష్పవతి. "ఇది ఊరికే."